కార్నర్లు, కార్డుల పందేల్లో రెఫరీ లెక్కని ఎంత నమ్మొచ్చు?

షీట్‌రాజా
అందరికీ నమస్కారం. గోల్స్ మీద పందేలు మానేసి రెండు నెలలుగా కార్నర్లు, కార్డులు మాత్రమే చూస్తున్నాను. ఎక్సెల్‌లో ఒక షీట్ పెట్టుకున్నాను. అందులో జట్టు సగటు కార్నర్లు, సగటు ఫౌల్స్, రెఫరీ సగటు కార్డులు, రెఫరీ సగటు కార్నర్లు ఉంటాయి. నాలుగింటికీ సమానంగా 25 శాతం చొప్పున వెయిట్ ఇచ్చాను. అసలు సమస్య ఇక్కడే. ప్రీమియర్ లీగ్‌లో ఒక రెఫరీ 24 మ్యాచ్‌ల్లో 113 కార్డులు చూపించాడు, అంటే మ్యాచ్‌కి 4.7. ఆయన వచ్చిన ప్రతిసారీ 4.5 కార్డులకి ఓవర్, అంటే ఐదు లేదా అంతకంటే ఎక్కువ వస్తాయని, కొడుతున్నాను, 2.10 రేటు దొరుకుతోంది. మూడు వారాలు వరసగా పోయింది. 3, 4, 3. ఇది దురదృష్టమా, నా షీటే తప్పా?

పాస్‌మాస్టర్
రెఫరీ సంగతి తర్వాత బ్రో, కార్నర్లకి సూత్రం సింపుల్. బంతి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లకే కార్నర్లు. పొసెషన్ 60 శాతం దాటే జట్టుని పట్టుకో, టీమ్ కార్నర్స్ ఓవర్ కొట్టు. అంతే.

గోల్‌కిక్
కార్నర్లని నమ్ముకోవద్దు భయ్యా. నూటికి మూడో నాలుగో గోల్ అవుతాయి, మిగతావన్నీ గోలీ చేతుల్లోకే. మా జట్టు పోయిన మ్యాచ్‌లో 14 కార్నర్లు తీసుకుని 1-0తో ఓడింది.

షీట్‌రాజా
@గోల్‌కిక్ కార్నర్ నుంచి గోల్ వస్తుందా అని కాదు అన్నా, ఎన్ని కార్నర్లు వస్తాయన్న దాని మీద పందెం. 14 వచ్చాయంటే ఓవర్ కొట్టినవాడికి పండగే.

గోల్‌కిక్
ఓహో. అలాగా. మాకైతే ఆ రోజు పండగేమీ లేదు.

పాతవిజిల్
రాజా గారు, ముందు షీట్‌లో ఒక కాలమ్ తీసేయండి. రెఫరీ సగటు కార్నర్లు. నేను తొమ్మిదేళ్లు చిన్న లీగుల్లో రెఫరీగా చేశాను. బంతి ఆఖరుగా డిఫెండర్‌కి తగిలి గోల్‌లైన్ దాటితే కార్నర్, దాడి చేసేవాడికి తగిలితే గోల్‌కిక్. అక్కడ నా స్వభావానికి చోటే లేదు. ఎప్పుడో ఒక వేలు తగిలిందా లేదా అన్న చోట పొరబడతాం, అది రెండు వైపులా సమానంగా పడుతుంది. ఒక రెఫరీ మ్యాచ్‌ల్లో సగటున 11 కార్నర్లు, ఇంకొకరికి 9.5 కనిపిస్తే అది ఆ జట్ల తేడా, లేదంటే కాకతాళీయం.

ఒక్క కొత్త విషయం ఉంది. 2025 జులై నుంచి నిబంధన మారింది. గోలీ బంతిని చేతుల్లో 8 సెకన్ల కంటే ఎక్కువ ఉంచుకుంటే ఎదుటి జట్టుకి కార్నర్ ఇస్తారు. ఇంతకుముందు 6 సెకన్లు, ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ ఉండేది, దాన్ని ఎవరూ ఇచ్చేవాళ్లం కాదు. ఇప్పుడు రెఫరీ చివరి ఐదు సెకన్లు చెయ్యి పైకెత్తి వేళ్లతో లెక్కపెడతాడు కాబట్టి గోలీలు వదిలేస్తున్నారు. దాని వల్ల వచ్చే కార్నర్లు చాలా అరుదు. దానికోసం కాలమ్ పెట్టకండి.

అంచులెక్క
పాతవిజిల్ మాష్టారు చెప్పింది నూటికి నూరు. కార్నర్లకి రెఫరీ వెయిట్ సున్నా. కార్డులకి ఉంటుంది, కానీ మీరు ఇస్తున్నంత కాదు. ముందు ఆ 4.7 సంగతి చూద్దాం.

ప్రీమియర్ లీగ్ సగటు సుమారు 4 అనుకుందాం. మీ రెఫరీ 0.7 ఎక్కువ. 24 మ్యాచ్‌లంటే చాలా అనిపిస్తుంది. కానీ ఒక్కో మ్యాచ్‌లో కార్డులు 1 నుంచి 8 దాకా ఊగుతుంటాయి. అంత ఊగేదానికి 24 మ్యాచ్‌ల సగటు తీస్తే, ఏ ప్రత్యేకతా లేని మామూలు రెఫరీకి కూడా అర కార్డు అటూ ఇటూ తేలిగ్గా వచ్చేస్తుంది. కాబట్టి ఆ 0.7లో కొంత ఆయన స్వభావం, కొంత గాలివాటం. ఎంత స్వభావమో విడదీయడానికి నేను వాడే మోటు పద్ధతి ఇది: రెఫరీ మ్యాచ్‌లకి తోడు లీగ్ సగటుతో ఇంకో 25 మ్యాచ్‌లు కలిపేస్తాను. ఆ 25 దైవవాక్కు కాదు, నా అంచనా. అప్పుడు 24కి 25 కలిసి, 0.7లో దాదాపు సగమే మిగులుతుంది. అంటే 4.7 కాదు, 4.34.

ఇప్పుడు పందెం చూడండి. సగటు 4.7 అయితే 5 అంతకన్నా ఎక్కువ కార్డులు రావడానికి అవకాశం పాయిసాన్ అనే సంభావ్యత సూత్రం లెక్కలో 50 శాతం పైచిలుకు. 2.10 రేటుకి మీకు కావాల్సింది 47.6 శాతమే, కాబట్టి లాభసాటిగా కనిపిస్తుంది. అదే సగటు 4.34 అయితే అవకాశం 44 శాతం లోపే. అప్పుడు న్యాయమైన రేటు 2.28 దగ్గర ఉండాలి. మీరు 2.10కి కొంటున్నారు. మూడు పోవడం దురదృష్టం కావచ్చు, మూడు మ్యాచ్‌లతో ఏమీ తేలదు. కానీ గెలిచి ఉన్నా అది మంచి పందెం కాదు.

షీట్‌రాజా
అమ్మో. అంటే సగం ప్రభావం ఉన్నట్టేగా? సగం అయినా తక్కువేం కాదు.

పాతవిజిల్
ఆ సగం కూడా ఆయనదేనా అని అడగాలి. పెద్ద మ్యాచ్‌లు ఎవరికి ఇస్తారు? అనుభవం ఉన్నవాళ్లకే. డెర్బీ, టైటిల్ పోరు, కిందికి జారిపోయే రెండు జట్ల మధ్య మ్యాచ్, ఇవన్నీ కొద్దిమంది దగ్గరికే వెళ్తాయి. అక్కడ ఎవరు విజిల్ ఊదినా కార్డులు పెరుగుతాయి. ఆ వేడి మొత్తం ఆయన ఖాతాలో పడిపోతుంది. మీ 24 మ్యాచ్‌లని రెండుగా విడగొట్టి చూడండి.

కార్డ్‌కొట్టు
మీరంతా లెక్కలు వేసుకోండి. రెఫరీ ముఖ్యం కాదంటే నేను ఒప్పుకోను. 2022 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, నెదర్లాండ్స్ అర్జెంటీనా. మాతేయు లాహోస్. 18 ఎల్లోలు! స్పెయిన్‌లో ఆయన్ని ఏళ్ల తరబడి చూసినవాళ్లకి ముందే తెలుసు. ఆ రోజు కార్డులు ఓవర్ కొట్టనివాడు మూర్ఖుడు.

అంచులెక్క
@కార్డ్‌కొట్టు ఆ మ్యాచ్‌నే ఇంకొంచెం దగ్గరగా చూడు. ఆ 18లో అర్జెంటీనా కోచింగ్ స్టాఫ్‌కి చూపించినవి కూడా ఉన్నాయి. చాలామంది బుక్కీలు మైదానంలో ఆడే ఆటగాళ్లకి చూపించినవే లెక్కపెడతారు. ఇక మ్యాచ్ 2-2 అయి ఎక్స్‌ట్రా టైమ్‌కి, పెనాల్టీలకి వెళ్లింది. మామూలు కార్డుల పందెం 90 నిమిషాలు, దానికి కలిపిన ఇంజురీ టైమ్ వరకే. డమ్‌ఫ్రైస్‌కి రెడ్ వచ్చింది షూటౌట్ అయ్యాక. అది ఏ పందెంలోకీ రాదు. పేపర్లో చదివే అంకె వేరు, పందెం తేలే అంకె వేరు. ఓవర్ గెలిచేదే, కాదనను. కానీ ఒక విపరీతమైన రాత్రిని తీసుకొచ్చి రెఫరీ సూత్రం అనడం కుదరదు. ఆ రాత్రి రెఫరీతో పాటు రెండు బెంచీలు కూడా కొట్లాటకి దిగాయి.

తొందరపాటు
తేలడం అన్నారు కాబట్టి నా గోడు. బుకింగ్ పాయింట్స్ పందెం వేశాను, ఎల్లోకి 10, రెడ్‌కి 25. 45 పైన ఓవర్. 90 నిమిషాలకి 40. ఆఖరి విజిల్ ఊదగానే ఒకడు రెఫరీ మీదకి పరిగెత్తుకొచ్చి ఎల్లో తీసుకున్నాడు. టీవీలో స్కోరుబోర్డు మీద కూడా ఐదు పడ్డాయి. నేను ఇల్లంతా ఎగిరాను. పది నిమిషాల తర్వాత చూస్తే పందెం పోయిందని వచ్చింది. కస్టమర్ కేర్‌తో గంట వాదించాను. ఆఖరి విజిల్ తర్వాత చూపించిన కార్డు చెల్లదని వాళ్ల రూల్స్‌లో ఉందట. ఎనిమిదో పేజీలో.

పాతవిజిల్
@తొందరపాటు పాపం. ఆట అయిపోయాక కూడా నేను మైదానంలో ఉన్నంతసేపు కార్డు చూపించే అధికారం నాకుంది. బుక్కీకి మాత్రం ఆట విజిల్‌తోనే ఆఖరు. కార్నర్లకీ ఇలాంటిదే ఒకటుంది. ఇచ్చిన కార్నర్ కాదు, కొట్టిన కార్నర్ లెక్క. కార్నర్ ఇచ్చాక కొట్టేలోపు విజిల్ ఊదేస్తే చాలా చోట్ల అది సున్నా.

షీట్‌రాజా
మాష్టారూ, విడగొట్టాను. డెర్బీలు, టాప్ జట్ల మధ్యవి, చివర్లో రెలిగేషన్ మ్యాచ్‌లు కలిపి 7 అయ్యాయి. వాటిలో 42 కార్డులు. మిగతా 17 మ్యాచ్‌ల్లో 71. అంటే మామూలు మ్యాచ్‌ల్లో 4.18. నేను 2.10కి కొట్టిన మూడూ మామూలు మ్యాచ్‌లే.

అంచులెక్క
చూశారా. 4.18కి పైన చెప్పిన కుదింపు కూడా చేస్తే 4.1 దరిదాపుల్లో పడుతుంది. కఠినమైన రెఫరీ అనుకున్నాయన మామూలు రెఫరీయే. కాకపోతే మరీ అటు కూడా వెళ్లిపోకండి. ఏడు వేడి మ్యాచ్‌ల్లో ఆరేసి కార్డులు అంటే, అలాంటి మ్యాచ్‌ల్లో ఇతర రెఫరీలు ఎన్ని చూపిస్తారో దానితో పోల్చాలి. వాళ్లకి ఐదే వస్తుంటే ఆయన వేడి మ్యాచ్‌లో కాస్త ముందుగా జేబులో చెయ్యి పెడతాడని అర్థం. అలాంటి తేడా నేను నమ్ముతాను, కానీ ఏడు మ్యాచ్‌లతో కాదు.

ఇంకోటి, పాత సీజన్ల సగటు తెచ్చేటప్పుడు జాగ్రత్త. 2023-24లో ప్రీమియర్ లీగ్ రెఫరీలు వాదనలకి, టైమ్ వేస్ట్ చేయడానికి గట్టిగా కార్డులు చూపించమన్న ఆదేశంతో మొదలుపెట్టారు. అందరి సగటూ ఒకేసారి పైకి లేచింది. ఆ ఏడాది 4.5 అంటే కఠినం కాదు, అందరితో సమానం. అందుకే రెఫరీ అంకెని ఎప్పుడూ ఆ సీజన్ లీగ్ సగటుతో తేడాగా రాసుకోవాలి.

కార్డ్‌కొట్టు
మరి మైక్ డీన్ సంగతేంటి? ఆయనా మామూలేనా?

అంచులెక్క
డీన్ 500 పైన ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు చేశాడు, 2019లోనే 100 రెడ్ కార్డులు దాటిన మొదటి రెఫరీ. అన్ని మ్యాచ్‌లుంటే నా 25 మ్యాచ్‌ల కలుపు ఏ మూలకీ రాదు, ఆయన అంకెని దాదాపు పూర్తిగా నమ్మొచ్చు. అయినా లెక్క చూడు, మొత్తం మీద ఐదు మ్యాచ్‌లకి ఒక రెడ్. పేరు ఎంత మోగినా నీ శనివారం మ్యాచ్‌లో రెడ్ రాకపోవడమే ఎక్కువ సంభవం. ఇక పేరున్న రెఫరీ వచ్చాడంటే బుక్కీకి నీకంటే ముందు తెలుసు. మ్యాచ్‌కి రోజుల ముందే నియామకాలు ప్రకటిస్తారు, ఆ రోజే లైన్ కదిలిపోతుంది.

బ్యాక్‌ఫుట్
రెఫరీ చుట్టూనే తిరుగుతున్నారు. కార్డులకి జట్టు తీరు కూడా చూడాలిగా. నేను చూసిన వాటిలో బాగా గుర్తుండేది లీడ్స్. 2021-22లో 101 ఎల్లోలు, అప్పటికి లీగ్ రికార్డు. కారణం వాళ్లు మొరటు ఆటగాళ్లని కాదు. కోచ్ బియెల్సా మైదానమంతా మనిషికి మనిషిని కాపలా పెట్టేవాడు. ఒకడు తన మనిషిని వదిలాడంటే వెనక కవర్ ఉండేది కాదు, ముందు ఖాళీ మైదానం. చొక్కా పట్టుకుని లాగడం తప్ప దారి లేదు. అది ఎల్లోయే, ఏ రెఫరీ అయినా ఇస్తాడు. ఫిబ్రవరిలో బియెల్సా వెళ్లిపోయినా ఆ సీజన్ ఖాతా అప్పటికే చాలావరకు నిండిపోయింది.

పాతవిజిల్
@బ్యాక్‌ఫుట్ ఇది బంగారం లాంటి మాట. ఫౌల్స్ అంకె కంటే ఫౌల్ ఎక్కడ, ఎలాంటిది అన్నది ముఖ్యం. మిడ్‌ఫీల్డ్‌లో వీపు వెనక నుంచి చిన్న తోపు, ఎదుటివాడికి పాస్ వెనక్కి తప్ప దారి లేదు, నేను ఫ్రీకిక్ ఇచ్చి ఊరుకుంటాను. అదే తోపు, కౌంటర్‌లో ముగ్గురు ముందుకి ఉరుకుతున్నప్పుడు అయితే చెయ్యి దానంతట అదే జేబులోకి పోతుంది.

నాకే గుర్తున్న మ్యాచ్ ఒకటి. ఎనిమిదో నిమిషంలో లెఫ్ట్ బ్యాక్ వింగర్ చీలమండ మీద తొక్కాడు. పిలిచి మాట్లాడాను, కార్డు ఇవ్వలేదు. మొదటి పది నిమిషాల్లో కార్డు తీస్తే మిగతా ఎనభై నిమిషాలు అదే కొలతతో నడపాలన్న భయం. అరవై ఐదో నిమిషంలో అంతకంటే చిన్న ఫౌల్‌కి అదే కుర్రాడికి చూపించాను. అప్పటికి ఇరవై ఫౌల్స్ అయ్యాయి, స్కోరు 1-1, రెండు బెంచీలూ అరుస్తున్నాయి. రెఫరీ సగటు అని మీరు రాసుకునే అంకెలో ఇదంతా కలిసిపోయి ఉంటుంది. కార్డులు రెండో సగంలోనే ఎక్కువ పడతాయి, అదీ స్కోరు దగ్గరగా ఉంటేనే. 3-0 అయిపోయిన ఆటలో ఎవడికీ కోపం కూడా రాదు.

షీట్‌రాజా
అయితే గట్టి పోటీగా సాగే మ్యాచ్ అన్నదానికి ఒక కాలమ్ పెట్టాలి.

అంచులెక్క
పెట్టండి, అది రెఫరీ కంటే బాగా పనిచేస్తుంది. రెండు జట్ల గెలుపు రేట్లు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే చాలు, కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. బయటి జట్టుకి కార్డులు కాస్త ఎక్కువ అన్నది కూడా నిజమే. 2020లో ఖాళీ స్టేడియాల్లో ఆడినప్పుడు ఆ తేడా బాగా తగ్గిపోయింది. జనం అరుపు రెఫరీ చెవిలో పడుతుందన్నమాట.

పాతవిజిల్
పడుతుంది. పడదన్నవాడు అబద్ధమాడినట్టే.

పాస్‌మాస్టర్
నా కార్నర్ సూత్రం మీద ఎవరూ మాట్లాడలేదు. అంటే ఒప్పుకున్నట్టేనా?

అంచులెక్క
@పాస్‌మాస్టర్ సగం ఒప్పుకుంటాను. బంతి ఎక్కువగా ఉంచుకునే జట్టుకి సగటున కార్నర్లు ఎక్కువే. కానీ బంతి ఎక్కడ ఉందన్నది అసలు ప్రశ్న. సెంటర్ బ్యాక్‌లు అడ్డంగా పాస్‌లు తిప్పుకుంటే 65 శాతం వస్తుంది, కార్నర్ రాదు. కార్నర్ ఎలా పుడుతుందో చూడు. వింగర్ గోల్‌లైన్ దాకా వెళ్లి నేలబారుగా క్రాస్ వేస్తాడు. డిఫెండర్ సొంత గోల్ వైపు మొహం పెట్టి పరిగెడుతుంటాడు, కాలు చాపితే బంతి వెనక్కే పోవాలి. అది కార్నర్. లేదా బాక్స్ అంచు నుంచి షాట్, ఒళ్లు అడ్డం పెడితే తగిలి పక్కకి పోతుంది. అందుకే నేను పొసెషన్ కాలమ్ చూడను. క్రాస్‌లు, అడ్డుకున్న షాట్లు చూస్తాను. ఎదుటి జట్టు తీరు కూడా సగం కథ. షాన్ డైచ్ కోచ్‌గా ఉన్నప్పటి బర్న్‌లీ గుర్తుందా? బాక్స్ ముందు గుంపుగా నిలబడి షాట్లకి ఒళ్లు అడ్డం పెట్టేవాళ్లు. అలాంటి జట్టు మీద వెడల్పుగా ఆడేవాడు దిగితే కార్నర్లు ఊరికే రావు మరి, తయారవుతాయి.

పాస్‌మాస్టర్
సరే, మరి బలమైన జట్టు సొంత గ్రౌండ్‌లో అలాంటి జట్టు మీద ఆడితే ఓవర్ ఖాయమేగా?

అంచులెక్క
అక్కడే చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. ఫేవరెట్ పదో నిమిషంలో గోల్ కొడితే ఏమవుతుంది? తొందర పోతుంది, క్రాస్‌లు తగ్గుతాయి, బంతిని వెనక తిప్పుకుంటారు. ఎదుటి జట్టుకేమో ముందుకి రావడం చేతకాదు. అలా మొత్తం 6 కార్నర్లతో అయిపోయిన మ్యాచ్‌లు బోలెడు. అదే 70వ నిమిషం దాకా 0-0 ఉందనుకో, ఆఖరి ఇరవై నిమిషాల్లో ఐదారు వచ్చేస్తాయి. ఒకటి క్లియర్ చేస్తే మళ్లీ కార్నర్, గుంపుగా పడతాయి. కాబట్టి పెద్ద ఫేవరెట్ అన్నంత మాత్రాన మొత్తం కార్నర్లు పెరగవు. త్వరగా గోల్ కొట్టే ఫేవరెట్ అయితే తగ్గుతాయి కూడా. రాజా గారు, మీ షీట్‌లో జట్టు సగటు కార్నర్లని స్కోరు సమానంగా లేదా వెనకబడి ఉన్న నిమిషాల్లో ఎన్ని, ముందంజలో ఉన్నప్పుడు ఎన్ని అని రెండుగా రాస్తే, ఒక్కోసారి అదే జట్టా అనిపిస్తుంది.

బ్యాక్‌ఫుట్
లాంగ్ త్రోల సంగతి ఏమంటారు? ఈ మధ్య మళ్లీ అందరూ బాక్స్‌లోకి విసురుతున్నారు. డెలాప్ త్రోలు విసిరే రోజుల్లో స్టోక్ చేసినట్టు. నా అనుమానం, అది కార్నర్లని పెంచుతుంది. డిఫెండర్ కంగారులో తలతో వెనక్కి కొడతాడు.

అంచులెక్క
నేను ఉల్టా అనుకుంటున్నాను. త్రో వచ్చిందంటే క్రాస్ వేయకముందే బంతి పక్క గీత దాటిందన్నమాట. ఇక బంతి తుడుచుకుని, పరిగెత్తి వచ్చి విసిరేసరికి ఆటలో అర నిమిషం పోతుంది.

బ్యాక్‌ఫుట్
అర నిమిషం పోయినా బాక్స్‌లో పది మంది గుమిగూడతారు కదా.

పాతవిజిల్
ఇద్దరూ కరెక్టే కావచ్చు. ఎవరైనా సీజన్ మొత్తం కూర్చుని లెక్కపెడితే గానీ తేలదు. నాకు ఓపిక లేదు.

షీట్‌రాజా
రెఫరీ కార్నర్ల కాలమ్ తీసేశాను. రెఫరీ కార్డులని లీగ్ సగటుతో తేడాగా మార్చి సగానికి కుదించాను. ఈ శనివారం అదే రెఫరీ, ఈసారి డెర్బీ. రేటు 1.62 చూపిస్తోంది.

అంచులెక్క
1.62కి 61.7 శాతం కావాలి. సగటు 5.3 అని నమ్మినా మీకు వచ్చేది అటూ ఇటుగా అంతే. వాళ్లు కూడా డెర్బీ అని చదివారు.

కార్డ్‌కొట్టు
నేను కొడుతున్నా.

తొందరపాటు
ఎనిమిదో పేజీ చదివి కొట్టు.